‘అన్నారు’ నుంచి ‘ప్రతిపాదించారు’ దాకా: పూర్వపరిశోధన సమీక్షలో నివేదన క్రియల ఎంపిక

వ్యాససంగ్రహం:
పరిశోధకుడు ఇతరుల అభిప్రాయాలను తన గ్రంథంలోకి తెచ్చేటప్పుడు వాడే క్రియలను ఈ వ్యాసం నివేదన క్రియలుగా వ్యవహరిస్తుంది. అన్నారు, చెప్పారు, తెలిపారు, పేర్కొన్నారు, చూపించారు అనే క్రియలు మూలరచయిత ఏ విధంగా వాదించారో తెలియనీయవు. వాటి స్థానంలో వాదస్వభావాన్ని సూచించే క్రియలను ఎంచుకొనే పద్ధతిని, తెలుగు భాషాకుటుంబ నిర్ణయ చర్చను ఉదాహరణగా తీసుకొని, ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు వాక్యనిర్మాణంలో ‘అని’కి, ‘విషయాన్ని’కి ఉన్న భేదాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నివేదన క్రియలు, పూర్వపరిశోధన సమీక్ష, సిద్ధాంతవ్యాస రచన, ద్రావిడ భాషాకుటుంబం, వాదస్వభావం.

1. ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట కుప్పం ఉంది. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ ఏర్పడింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో తెలుగుతోపాటు కన్నడ, తమిళాలు కూడా సంతలో, బస్సులో, ఇంట్లో వినిపిస్తాయి. తెలుగు ‘రెండు’, తమిళ ‘ఇరండు’, కన్నడ ‘ఎరడు’ ఒకే రోజున చెవిన పడే ప్రాంతం ఇది. ఈ భాషల పరస్పర సంబంధం ఏమిటన్న ప్రశ్న ఇక్కడి విద్యార్థికి కేవలం పుస్తకాల్లోని ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. తెలుగు భాషాశాస్త్రంపై సిద్ధాంతవ్యాసం రాసే పరిశోధకుడు మొదటి అధ్యాయంలో ఆ చరిత్రను సంగ్రహించవలసి వస్తుంది. ఎల్లిస్, కాల్డ్వెల్, చిలుకూరి నారాయణరావు, గంటిజోగి సోమయాజి, భద్రిరాజు కృష్ణమూర్తి వంటి పేర్లు వరుసగా వస్తాయి. వీరు చేసిన పనులు ఒకటి కావు. ఒకరు కొత్త ఊహను ఆధారాలతో ముందుంచారు, ఒకరు దానిని శాస్త్రంగా తీర్చారు, ఒకరు ఎదిరించారు, మరొకరు సమర్థించారు, ఇంకొకరు తన పూర్వాభిప్రాయాన్నే సవరించుకొన్నారు. సమీక్షలో ఈ భేదాలన్నీ కనబడాలంటే, ప్రతి వాక్యం చివర వచ్చే క్రియ ఆ పని చేయాలి.

2. సమస్య స్వరూపం

ఈ వ్యాసం కోసం కూర్చిన కింది నమూనా పేరాను చూడవచ్చు. ఇది ఏ ఒక్క సిద్ధాంతవ్యాసం నుంచీ తీసుకొన్నది కాదు. కానీ ఇటువంటి పేరాలు పాఠకులకు కొత్త కావు.

“తెలుగు ద్రావిడ భాష అని ఎల్లిస్ అన్నారు. కాల్డ్వెల్ కూడా ఇదే చెప్పారు. తెలుగు ప్రాకృతం నుంచి పుట్టిందని చిలుకూరి నారాయణరావు తెలిపారు. తెలుగు ద్రావిడ భాషే అని గంటిజోగి సోమయాజి పేర్కొన్నారు. తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందుతుందని భద్రిరాజు కృష్ణమూర్తి చూపించారు.”

ఈ పేరాలో వ్యాకరణదోషం లేదు. గ్రంథకర్తల పేర్ల వరుస కూడా సరిగానే ఉంది. అయినా చదివినవారికి మూడు విషయాలు తెలియవు. ఎవరు ఎవరికి సమాధానం చెబుతున్నారో తెలియదు. ఏ అభిప్రాయానికి ఎంత ఆధారం ఉందో తెలియదు. పరిశోధకుడు వీటిలో దేనిని అంగీకరిస్తున్నాడో తెలియదు. పరస్పరం విరుద్ధమైన రెండు అభిప్రాయాలను ‘తెలిపారు’, ‘పేర్కొన్నారు’ అనే రెండు క్రియలు పక్కపక్కనే కూర్చోబెట్టాయి. వాటి మధ్య ఉన్న వివాదం మాయమైంది.

అంతకన్నా ముఖ్యమైన లోపం మొదటి వాక్యంలో ఉంది. ఎల్లిస్ ఈ భాషలకు ‘ద్రావిడ’ అనే పేరు పెట్టలేదు. ఆ పేరును కుటుంబనామంగా స్థిరపరచినది కాల్డ్వెల్. ‘అన్నారు’ అనే క్రియ ఎవరు ఏమన్నారో వెతికి చూడవలసిన అవసరాన్ని తప్పించింది. అందువల్ల తప్పు బయటపడలేదు. బలహీన క్రియ వల్ల శైలి చప్పబడడం చిన్న నష్టం. మూలగ్రంథాన్ని సరిగా చదవకపోయినా వాక్యం నడిచిపోవడం పెద్ద నష్టం.

3. నివేదన క్రియ చేసే మూడు పనులు

ఆంగ్ల విద్యావిషయక రచనలోని నివేదన క్రియలను జెఫ్ థాంప్సన్, యె యియున్ 1991లో ప్రచురించిన వ్యాసంలో విశ్లేషించారు. మూలరచయిత వైఖరి ఒకటి, దానిని ఉదాహరించే రచయిత వైఖరి మరొకటి అని వారు వేరుచేశారు. ఈ విభజన తెలుగుకూ బాగా అన్వయిస్తుంది. దానిని కొంత విస్తరించి చూస్తే, తెలుగు నివేదన క్రియ మూడు ప్రశ్నలకు జవాబు ఇస్తుందని చెప్పవచ్చు.

మొదటిది, మూలరచయిత చేసిన పని ఏది? ప్రతిపాదించడం, నిర్వచించడం, వర్గీకరించడం, పోల్చడం, ఆక్షేపించడం, ఖండించడం, సమర్థించడం, సవరించడం వేర్వేరు పనులు. మన శాస్త్రసంప్రదాయంలో ఈ భేదాలకు చోటు ఎప్పుడో ఉంది. పూర్వపక్షం చేసేవారు, ఆక్షేపించేవారు, సిద్ధాంతం చేసేవారు వేరువేరుగా గుర్తింపు పొందారు. ‘చెప్పారు’ అనే క్రియ ఈ ముగ్గురినీ ఒకే గాటన కడుతుంది.

రెండవది, ఆ పనికి ఉన్న ఆధారబలం ఎంత? ఊహించారు, అభిప్రాయపడ్డారు, సూచించారు, వాదించారు, నిర్ధారించారు, నిరూపించారు అనే క్రియలు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎక్కుతాయి. దత్తాంశం లేకుండా ఒక వాక్యంలో అన్న మాటకు ‘నిర్ధారించారు’ అని రాస్తే మూలరచయితకు లేని బలం ఇచ్చినట్టు. నూట యాభై పుటల దత్తాంశంతో నిలబెట్టిన నిర్ణయానికి ‘అభిప్రాయపడ్డారు’ అని రాస్తే ఉన్న బలాన్ని తీసివేసినట్టు.

మూడవది, ఉదాహరించే పరిశోధకుని వైఖరి ఏది? ‘గుర్తించారు’, ‘నిరూపించారు’, ‘వెల్లడించారు’ అని రాసిన పరిశోధకుడు ఆ విషయం సత్యమని తానూ అంగీకరిస్తున్నాడు. ‘పొరబడ్డారు’, ‘విస్మరించారు’ అని రాసినవాడు విభేదిస్తున్నాడు. ‘వాదించారు’, ‘భావించారు’, ‘ప్రతిపాదించారు’ అని రాసినవాడు తన తీర్పును ఇంకా ప్రకటించలేదు.

ఈ మూడవ విషయాన్ని పరీక్షించడానికి తేలికైన మార్గం ఒకటుంది. వాక్యం చివర “అయితే అది నిలవదు” అని చేర్చి చూడాలి. “అని వాదించారు, అయితే అది నిలవదు” అన్న వాక్యం సహజంగా ఉంటుంది. “అని నిరూపించారు, అయితే అది నిలవదు” అన్నది తనను తానే ఖండించుకొంటుంది. రెండవ అధ్యాయంలో ఒకరు నిరూపించారని రాసి, నాల్గవ అధ్యాయంలో వారి నిర్ణయాన్ని తోసిపుచ్చే సిద్ధాంతవ్యాసం ఈ పరీక్షలో దొరికిపోతుంది.

4. ‘అని’, ‘విషయాన్ని’: తెలుగు వాక్యంలోని ప్రత్యేకత

తెలుగులో వైఖరిని క్రియ ఒక్కటే నిర్ణయించదు. క్రియకు ముందు ఉపవాక్యం ఏ రూపంలో వస్తుందన్నది కూడా నిర్ణయిస్తుంది. కింది రెండు వాక్యాలను పోల్చవచ్చు.

(అ) తెలుగు ప్రాకృతజన్యమని ఆయన వివరించారు.
(ఆ) తెలుగు ప్రాకృతజన్యమన్న విషయాన్ని ఆయన వివరించారు.

క్రియ ఒకటే. మొదటి వాక్యంలో ‘అని’ వల్ల ఆ మాటకు బాధ్యత మూలరచయితదే అవుతుంది. రెండవ వాక్యంలో ‘అన్న విషయాన్ని’ చేరడంతో, తెలుగు ప్రాకృతజన్యమన్నది ముందే తేలిన సంగతి అనీ, ఆయన దానిని వివరించడం మాత్రమే చేశారనీ అర్థం వస్తుంది. బాధ్యత తెలియకుండానే పరిశోధకుని మీదికి మారిపోయింది. ‘ప్రాకృతజన్యం కావడాన్ని వివరించారు’ అని రాసినా ఇదే జరుగుతుంది.

వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చితే ఈ భేదం మరింత స్పష్టపడుతుంది. “తెలుగు ప్రాకృతజన్యమని ఆయన వివరించలేదు” అన్నప్పుడు తెలుగు జన్మ గురించి ఏమీ తేలదు. “తెలుగు ప్రాకృతజన్యమన్న విషయాన్ని ఆయన వివరించలేదు” అన్నప్పుడు ఆయన వివరించకపోయినా విషయం మాత్రం నిజమనే మిగులుతుంది. వ్యతిరేకార్థంలో కూడా నిలిచే అంశం పరిశోధకుడు అంగీకరించిన అంశం. అందువల్ల వివాదంలో ఉన్న అభిప్రాయాన్ని నివేదించేటప్పుడు ‘అని’ వాడడం, ‘విషయం’, ‘సంగతి’, ‘వాస్తవం’ అనే పదాలను ఇరువర్గాలూ అంగీకరించిన అంశాలకు మాత్రమే ఉంచడం క్షేమకరం. విషయమని కాక ‘అన్న వాదాన్ని’, ‘అన్న అభిప్రాయాన్ని’ అని రాస్తే నామరూపం ఉన్నా బాధ్యత మూలరచయిత వద్దనే ఉంటుంది.

5. ఉదాహరణ పరిశీలన: అయిదుగురు, అయిదు పనులు

పై నమూనా పేరాలోని ఒక్కొక్క వాక్యాన్ని మూలగ్రంథాల వెలుగులో చూస్తే క్రియ ఎంపిక ఎలా జరుగుతుందో తెలుస్తుంది.

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసు కలెక్టరు. 1816లో వెలువడిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఆయన ఒక ఉపోద్ఘాత వివరణ రాశారు. దక్షిణ భాషలు సంస్కృతజన్యాలన్న అభిప్రాయం అప్పటికి పండితుల్లో ప్రబలంగా ఉంది. ఆ అభిప్రాయాన్ని ప్రకటించినవారిలో విలియం కేరీ ఒకరు. ఎల్లిస్ ధాతువుల పట్టికలు ఇచ్చి, తెలుగు ధాతువులు సంస్కృత ధాతువుల నుంచి వచ్చినవి కావనీ, తమిళ, కన్నడ ధాతువులతో కలుస్తాయనీ వాదించారు. మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక పీఠికలోని తత్సమ, తద్భవ, దేశ్య విభజనను కూడా వాడుకొన్నారు. కాబట్టి ఇక్కడ ఆయన చేసిన పనులు రెండు. ఉన్న అభిప్రాయాన్ని నిరాకరించారు, దక్షిణ భాషలది వేరే కుటుంబమని ఆధారసహితంగా ప్రతిపాదించారు. ‘నిరూపించారు’ అని రాయాలా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. క్రమబద్ధమైన ధ్వనిసామ్యాలను సూత్రీకరించే పద్ధతి అప్పటికి రూపొందలేదు. ధాతుపోలిక బలమైన ఆధారమే, కాని తరువాతి ప్రమాణాల ప్రకారం అది మొదటి మెట్టు. చరిత్రకారుడు థామస్ ట్రాట్‌మన్ 2006లో వెలువరించిన గ్రంథంలో ఎల్లిస్ కృషిని ద్రావిడ నిరూపణగానే వ్యవహరించారు. ఆ తీర్పును అంగీకరించే పరిశోధకుడు ‘నిరూపించారు’ అని రాయవచ్చు. అయితే అది తన తీర్పు అని తెలిసి రాయాలి.

రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని 1856లో ప్రచురించారు. ఆయన ‘కూడా ఇదే చెప్పారు’ అనడం సరికాదు. ఎల్లిస్ ఒక పీఠికలో ధాతువులనూ పదాలనూ పోల్చగా, కాల్డ్వెల్ ధ్వనులు, విభక్తులు, సర్వనామాలు, క్రియారూపాలు అన్నిటినీ ఒక వ్యాకరణంగా పోల్చారు. కుటుంబానికి పేరు స్థిరపరచారు. ‘విస్తరించారు’, ‘వ్యవస్థీకరించారు’ అన్న క్రియలు ఈ పనికి తగినవి.

చిలుకూరి నారాయణరావు ఆంధ్రభాషాచరిత్రము 1937లో వెలువడింది. కాల్డ్వెల్ నిర్ణయాన్ని ఆయన అంగీకరించలేదు. తెలుగును ప్రాకృతాలతో ముడిపెట్టారు. ఇక్కడ ‘తెలిపారు’ అంటే తేలిన సంగతిని తెలియజేసినట్టు ధ్వనిస్తుంది. ‘పొరబడ్డారు’ అంటే ఆయన ఆధారాలను చూపకముందే తీర్పు చెప్పినట్టు అవుతుంది. ‘ఎదిరించి వాదించారు’ అన్నది ఆయన చేసిన పనిని చేసినట్టుగా చెబుతుంది. ఆ వాదం ఎందుకు నిలవలేదో తరువాతి వాక్యంలో చెప్పడానికి దారి కూడా మిగులుతుంది.

గంటిజోగి సోమయాజి ఆంధ్రభాషావికాసములో తెలుగు ద్రావిడభాష అన్న పక్షాన నిలిచారు. ఇక్కడ పరిశోధకుడికి రెండు క్రియలు ఎదురవుతాయి. ‘సమర్థించారు’ అనడానికి ఆయన ద్రావిడవాదానికి ఇచ్చిన ఆధారాలను చూస్తే చాలు. ‘ఖండించారు’ అనడానికి ఆయన చిలుకూరివారి వాదాన్ని ఎత్తుకొని, ఫలానా పుటలో ఫలానా అంశం నిలవదని చెప్పిన చోటును చూపగలగాలి. రెండు గ్రంథాలు భిన్నాభిప్రాయాలతో ఉన్నంత మాత్రాన ఒకటి రెండవదాన్ని ఖండించినట్టు కాదు. ఖండించు, స్పందించు, సమాధానమిచ్చు అన్న క్రియలకు కర్తతోపాటు లక్ష్యం కూడా ఉండాలి.

భద్రిరాజు కృష్ణమూర్తి విషయంలో ఒక్క క్రియ చాలదు. 1961 నాటి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ గ్రంథంలో తెలుగు గోండి, కొండ, కూయి, కువి భాషలకు సన్నిహితమని తేల్చారు. అప్పట్లో ఆ వర్గాన్ని మధ్య ద్రావిడంలో చేర్చారు. తరువాతి కృషిలో ఆ వర్గం దక్షిణ ద్రావిడంతో కలిసి కొన్ని ధ్వనిమార్పులను పొందిందని భావించి, దానిని మధ్య ద్రావిడం నుంచి వేరుచేశారు. 2003లో ప్రచురించిన ‘ద ద్రవిడియన్ లాంగ్వేజెస్’ గ్రంథంలో అది దక్షిణ మధ్య ద్రావిడంగా కనిపిస్తుంది. ‘చూపించారు’ అన్న క్రియ ఈ నలభై ఏళ్ల మార్పును దాచివేసింది. ‘నిర్ధారించారు’, ‘సవరించుకొన్నారు’ అన్న రెండు క్రియలు కావాలి.

ఇక్కడ ‘నిర్ధారించారు’ అనడానికి పరిశోధకుడు చూపగల ఆధారం ఏది? పదాదిలోని అచ్చు, దాని తరువాతి హల్లు స్థానాలు మారే వర్ణవ్యత్యయం అందులో ఒకటి. తమిళ ‘ఇరండు’, కన్నడ ‘ఎరడు’ అచ్చుతో మొదలవుతాయి. తెలుగు ‘రెండు’, గోండి ‘రండ్’ రకారంతో మొదలవుతాయి. తమిళ ‘అవన్’కు ఎదురుగా తెలుగులో ‘వాడు’ ఉంది. ఈ మార్పు ఒక్క పదానికి పరిమితం కాక, వర్గంలోని భాషల్లో పదేపదే కనిపిస్తుంది. ఇలా దత్తాంశం, క్రమం, నిర్ణయం మూడూ మూలగ్రంథంలో ఉన్నప్పుడే ‘నిర్ధారించారు’ అన్న క్రియ తన బరువును మోయగలుగుతుంది.

6. సవరించిన పేరా

“దక్షిణ భాషలు సంస్కృతజన్యాలన్న అభిప్రాయాన్ని ఎల్లిస్ 1816లో నిరాకరించి, ధాతుపట్టికల ఆధారంగా అవి వేరొక కుటుంబమని ప్రతిపాదించారు. కాల్డ్వెల్ 1856లో ఈ ప్రతిపాదనను వ్యాకరణమంతటికీ విస్తరించి, ఆ కుటుంబానికి ద్రావిడమన్న పేరును స్థిరపరచారు. చిలుకూరి నారాయణరావు 1937లో ఈ నిర్ణయాన్ని ఎదిరించి, తెలుగు ప్రాకృతజన్యమని వాదించారు. గంటిజోగి సోమయాజి ద్రావిడ పక్షాన్ని సమర్థించారు. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు గోండి, కూయి భాషలకు సన్నిహితమని 1961లో నిర్ధారించి, ఆ వర్గం స్థానం గురించిన తన పూర్వాభిప్రాయాన్ని తరువాత సవరించుకొన్నారు.”

పేరా నిడివి కొంత పెరిగింది. కానీ పెరిగిన మాటలన్నీ చర్చకు చెందినవే. ఎవరు ఎవరికి స్పందించారో, వివాదం ఎక్కడ పుట్టి ఎటు నడిచిందో, పరిశోధకుడు ఎవరి పక్షాన ఉన్నాడో విడిగా చెప్పకుండానే తెలుస్తున్నది. ‘నిర్ధారించి’ అన్న ఒక్క క్రియలో పరిశోధకుని అంగీకారం ఉంది, ‘వాదించారు’ అన్న క్రియలో తటస్థత ఉంది.

7. ఎదురయ్యే పొరపాట్లు, పరిమితులు

బలహీన క్రియలను మానాలన్న సలహాను పైపైన పాటిస్తే వచ్చే పొరపాటు మరొకటి. పునరుక్తి లేకుండా ఉండడం కోసం ఒక వాక్యంలో ‘ఉద్ఘాటించారు’, మరో వాక్యంలో ‘వెల్లడించారు’, ఇంకో వాక్యంలో ‘స్పష్టం చేశారు’ అని రాయడం. ఇవి పర్యాయపదాలు కావు. వెల్లడించడానికి అంతవరకు దాగి ఉన్న నిజం ఒకటి ఉండాలి. స్పష్టం చేయడానికి ముందు అస్పష్టత ఉండాలి. ఉద్ఘాటించడం గట్టిగా చెప్పడమే, ఆధారంతో చెప్పడం కాదు. పత్రికావార్తల్లో మంత్రుల, అధికారుల ప్రకటనలకు అలవాటైన ఈ క్రియలు సిద్ధాంతవ్యాసంలోకి వచ్చినప్పుడు, వాదాన్ని ప్రకటనగా మార్చివేస్తాయి. మూలరచయితలు ఇద్దరు ఒకే పని చేసి ఉంటే ఒకే క్రియను రెండుసార్లు వాడడమే సబబు.

‘చూపుతోంది’ అన్న క్రియకు శాసనం, పట్టిక, తాళపత్రం వంటివి కర్తలైనప్పుడు మరింత జాగ్రత్త అవసరం. కడప జిల్లా కలమళ్ళలో ఉన్న రేనాటి చోళుల శాసనం గురించి “ఈ శాసనం ఆరవ శతాబ్దిలో తెలుగు పాలనాభాష అని చూపుతోంది” అని రాస్తే, రెండు వేర్వేరు అంశాలు ఒక్కటైపోతాయి. శాసనంలో తెలుగు మాటలుండడం పరిశీలన. దాని నుంచి పాలనాభాష అని తేల్చడం అనుమితి. పరిశీలనకు కర్తగా శాసనాన్ని ఉంచి, అనుమితికి కర్తగా దానిని చేసిన పండితుని ఉంచాలి. “శాసనంలో తెలుగు వాక్యం ఉంది. దీనిని బట్టి ఫలానావారు ఇలా ఊహించారు” అని విడదీస్తే, విభేదించదలచినవారికి ఎక్కడ విభేదించాలో తెలుస్తుంది.

‘అన్నారు’, ‘చెప్పారు’ పూర్తిగా వర్జనీయాలు కావు. క్షేత్రపర్యటనలో ఆవేదకులు చెప్పిన మాటకు ‘చెప్పారు’ అన్నదే తగిన క్రియ. కుప్పం ప్రాంతపు మాండలికాన్ని సేకరించే పరిశోధకుడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగినప్పుడు వచ్చిన జవాబును ‘వాదించారు’ అని నమోదు చేయలేడు. కావ్యపాత్రల సంభాషణకూ, ఉపన్యాసంలోని మాటకూ ‘అన్నారు’ సహజం. వాదం లేని చోట వాదక్రియను తెచ్చిపెట్టడం కూడా తప్పే.

క్రియల తీరు శాస్త్రాన్ని బట్టి మారుతుందన్నది కూడా గమనించాలి. ఎనిమిది విద్యాశాఖల పరిశోధనపత్రాలను పరిశీలించిన కెన్ హైలాండ్, 1999 నాటి వ్యాసంలో, మానవీయశాస్త్రాల్లో వాదించడం, సూచించడం వంటి సంభాషణక్రియలు, విజ్ఞానశాస్త్రాల్లో కనుగొనడం వంటి పరిశోధనక్రియలు ఎక్కువగా వస్తాయని గుర్తించారు. సాహిత్యవిమర్శలో ‘నిరూపించారు’ అరుదుగా రావలసిన క్రియ. భాషాశాస్త్రంలో దత్తాంశం ఉన్న చోట దానికి స్థానం ఉంది.

8. ముగింపు

నివేదన క్రియను వాక్యం రాసేటప్పుడు కాక, మూలగ్రంథం చదివేటప్పుడే నిర్ణయించుకోవడం మేలు. నోట్సులో గ్రంథం పేరు, పుటసంఖ్యలతోపాటు ఆ పుటలో రచయిత చేసిన పనిని ఒక్క క్రియలో రాసిపెట్టుకొంటే, తరువాత ‘అన్నారు’ కోసం తడుముకోవలసిన పని ఉండదు. ఆ క్రియ తట్టకపోతే పుటను మరొకసారి చదవాలి. నోట్సులోని క్రియకూ, సిద్ధాంతవ్యాసంలోని క్రియకూ తేడా వచ్చిందంటే, పరిశోధకుని వైఖరి ఆ మధ్యలో మారిందని అర్థం. ఆ మార్పుకు కారణాన్ని సమీక్షలోనే చెప్పవలసి ఉంటుంది.